చెప్పింది వేరు, ఒప్పుకుంది వేరు

ఇళ్లకు నర్సులను పంపే ఆ ఆఫీసులో, విన్న మాటలను పనుల పట్టీగా రాయడం ఆమె ఉద్యోగం. రోగి ఇంటివాళ్లు ఫోన్ చేస్తే, "ఏదీ మర్చిపోకుండా పట్టీ రాసుకోవడానికి రికార్డు చేస్తాం, సరేనా?" అని అడిగి, సరేనన్నాకే మీట నొక్కుతుంది. తర్వాత మళ్లీ వింటూ ఏ పని, ఎవరు, ఎప్పటిలోగా అని రాస్తుంది. మాటలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, పోయిన వారం అది "మత్తు మాత్ర వద్దు" అన్నదాన్ని "మత్తు మాత్ర ముద్దు" అని రాసింది. అప్పట్నుంచి ప్రతి ముక్కా చెవిన పడితే గానీ ఆమె నమ్మడం లేదు. పదకొండేళ్లు ఇలా వినీ వినీ, ఇంటికెళ్లాక ఎవరైనా పలకరించినా బరువుగానే ఉంటోంది.

ఆ మధ్యాహ్నం ఐదో ఫోన్ నలభై నిమిషాలు నడిచింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తల్లిని ఒక్కతే చూసుకుంటున్న కూతురు. కట్టు మార్చడం, నడిపించడం, స్నానం, అన్నీ అయ్యాక గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక మాట. మొన్న మంచం మూడోసారి తడిపేసరికి అమ్మ మీద చెయ్యెత్తాను. కొట్టలేదు. కానీ ఎత్తాను."

 ఆమె మెల్లగా అంది: "చెప్పడం మంచిదైంది. ఇది మా నర్సుకి చెప్పాలమ్మా. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు, అమ్మగారినీ మిమ్మల్నీ ఒక కంట కనిపెట్టడానికి."

"నర్సుకి చెప్పండి. మా అన్నయ్యకి మాత్రం వద్దు."

నర్సుకు ఆ సంగతి ఫోన్లో విడిగా చెప్పి, పట్టీ రాసి, చెల్లెలికీ అన్నకీ నర్సుకీ పంపి, చల్లారిన టీ గుక్క వేసిందో లేదో, మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"ఆవిడ అన్నగారు ఫోన్ చేశాడమ్మా. రికార్డింగే కావాలిట. పంపించెయ్, పీడా పోతుంది. కొడుకే కదా!"

"ఆవిడ సరేనంది మనం పట్టీ రాసుకోవడానికి సార్, ఇంకొకరికి వినిపించడానికి కాదు. ఒకసారి పంపితే ఎన్ని చేతులు మారుతుందో మన చేతిలో ఉండదు."

"ఆ ముక్క నువ్వే చెప్పుకో," అని ఆయన వెళ్లిపోయాడు.

రికార్డింగు అన్నకు పంపనా అని అడగడానికి ముందు చెల్లెలికి ఫోన్ చేసింది. "వద్దక్కా" అని ఒక్క మాట, తర్వాత ముక్కు చీదిన చప్పుడు. అంతే. తర్వాత అన్నకు చేసి, రికార్డింగు పంపలేనని చెప్పింది.

"మా అమ్మ గురించి మాట్లాడుకున్నది నేను వినకూడదా?" ఆయన గొంతులో కోపం మండుతోంది. "శని, ఆదివారాలు అన్నయ్య వస్తాడు అని రాశారు. నేనెప్పుడు ఒప్పుకున్నాను? ఆ పని నా నెత్తిన రుద్దాలనే దాచారా రికార్డింగు?"

 ఆమె ఆయన్ని లైన్లో ఉండమని, ఫైల్ తెరిచి ఆ చోటు వెతికి మళ్లీ వింది. "అన్నయ్య శని ఆదివారాలు వస్తే బాగుండు" అంది చెల్లెలు. "వస్తాడు" అనలేదు. సాఫ్ట్‌వేర్ కాదు, అలసిన తన చెయ్యే ఆశను ఒప్పందంగా రాసేసింది.

"తప్పు నాదండీ," అంది. "మీ చెల్లెలు వస్తే బాగుండు అన్నారు, అంతే. మీరు లేని ఫోన్లో మీకు పని అప్పగించే హక్కు నాకు లేదు. రికార్డింగు మాత్రం పంపలేను, ఆవిడ ఒప్పుకోలేదు. మీ అమ్మగారికి సంబంధించి తేలినవన్నీ ఈ పట్టీలో ఉన్నాయి. మిగిలింది మీ చెల్లెలు మీకు చెప్పుకోవాలి. అడగండి."



"అది బాగా అలసిపోయిందా?" అన్నాడు అన్న, గొంతు దించి.

"ఫోన్లో ఏమన్నారో నేను చెప్పనండీ. కానీ ఏ మనిషైనా ఒక్కరే ఇన్ని పనులు చేస్తే అలిసిపోకుండా ఉండగలరా?"

"ఆదివారం వస్తాను. శనివారం నా వల్ల కాదు."

"ఆదివారం ఎన్ని గంటలకి?"

"తొమ్మిదింటికి."

ఆ మాట ఆయన చేతే రెండోసారి చెప్పించుకుని పట్టీ సవరించింది: ఆదివారం తొమ్మిది, అన్నయ్య, ఆయనే ఒప్పుకున్నారు. శనివారం, ఎవరూ లేరు, నర్సు దొరుకుతుందేమో మేము రేపటిలోగా చూడాలి. సవరించిన పట్టీ ఇద్దరికీ పంపింది.

నెల తిరిగాక ఆ రికార్డింగు దానంతట అదే చెరిగిపోతుంది. అప్పటిదాకా అది తెరవగలిగేది తనూ, మేనేజరూ. నలభై నిమిషాలు కూర్చుని వినే ఓపిక ఆయనకు లేదు. ఆమెకూ లేదు.

శనివారానికి నర్సును వెతకడానికి మళ్లీ ఫోన్ అందుకుంది.