మా అమ్మ చేతివంట

ఆదివారం సాయంత్రం నాలుగు దాటింది. ఆరింటికి ఆర్డర్లు మూసేయాలి. నా ఫోనులో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ముప్పై దాటితే మా వంటామె రషీదా ఆపా ఇక్కడే మానుకోటలో ఉంటుంది, దాటకపోతే జనగామలో ఒక హాస్టల్‌కు వంట చేయడానికి పోతుంది. ఆ హాస్టల్ ఆయన ఇవాళే మాట చెప్పమన్నాడు. ఆరువారాల నుంచి మా లెక్క ఇరవై మీదే ఈడుస్తోంది. మొదటిసారి ముప్పై దాటాం, అందుకే నా కాలు నేల మీద నిలవడం లేదు.

మాది హోటల్ కాదు. కూర్చుని తినడానికి బెంచీ కూడా లేదు. రైల్వే స్టేషన్ వెనక ఒక అద్దె గది, రెండు పొయ్యిలు. క్లౌడ్ కిచెన్ అనే గొప్ప పేరు ఫోనులో మాత్రమే. వండేది రషీదా బేగం, నాకు ఆపా, అంటే అక్క. మెనూ పోస్టులు, ఆర్డర్లు, స్కూటీ మీద డబ్బాలు చేర్చడం నా పని.

శనివారం పొద్దున పోస్టరు చేస్తాను. సోమవారం పప్పుచారు, బెండకాయ వేపుడు. బుధవారం కోడికూర, వద్దన్నవాళ్లకు ఆలుగడ్డ కుర్మా. మంగళ, గురువారాలు పప్పు, కూర. శుక్రవారం బగారన్నం, గుత్తి వంకాయ. కింద ఐదు రోజుల ధర, ఫుడ్ లైసెన్స్ నంబరు, ఆదివారం ఆరు దాటితే ఆర్డర్లు తీసుకోబోమన్న మాట. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పంపితే నా నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకని ఒక్కో ఆఫీసులో ఒకరిని పట్టుకొని వాళ్ల గ్రూపులో వేయిస్తాను. ఒకరు కింద పేరు రాస్తారు, తర్వాతివాళ్లు ఆ లిస్టు కాపీ చేసి తమ పేరు చేర్చి మళ్లీ పెడతారు. లిస్టు పొడుగైతే చూసేవాళ్లకు ఆకలి పుడుతుంది.

ఆ పోస్టరు పైభాగాన మా అమ్మ రామి నవ్వుతూ ఉంటుంది. ఆమె పక్కన పెద్ద అక్షరాలతో "మా అమ్మ చేతివంట" అని ఉంటుంది.

మా అమ్మ పెద్దవంగరలో కూలికి పోతుంది, మా పొయ్యి దగ్గరికి ఒక్కరోజు కూడా రాలేదు. మొదటి పోస్టరు చేసేటప్పుడు రషీదా బేగం అని రాసి, చూసి, చెరిపేశాను. ఆ పేరు చూస్తే ఆఫీసులవాళ్లు ఆర్డర్ పెట్టరని నాకు నేనే అనేసుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ఆపా ఉర్దూ చదువుతుంది, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవదు. పోస్టరు చూపిస్తే, "కోడికూర ఫోటో మంచిగ పడ్డది," అని మురిసేది. ఆరువారాలు ఆ మురిపెం చూస్తూ నోరు మూసుకున్న మనిషిని నేను.

నాలుగుంబావుకు సుభాష్ సార్ మెసేజ్ వచ్చింది. మా పోస్టరు తన ఆఫీసు గ్రూపులో వేసేది ఆయనే, అక్కడి నుంచే పద్దెనిమిది పేర్లు.

"భాగ్యా, మీ అమ్మ మొన్న గురువారం పెద్దవంగరల మా అన్న చేన్ల మిరపకాయలు ఏరింది. పొద్దున పోయి పొద్దుగూకినంక వచ్చింది. పోస్టరు మీది ఫోటో చూసి మా అన్న గుర్తుపట్టిండు. మరి ఆ రోజు మేం తిన్న పప్పు ఎవలు వండిన్రు?"

పోస్టరు డిలీట్ చేద్దామని వేలు పెట్టాను. ఏం లాభం? నేను పంపినది పోతుంది కానీ, వాళ్లు ఫార్వర్డ్ చేసుకున్నవి ఎక్కడికీ పోవు. మా అమ్మ ఎన్ని ఫోన్లలో నవ్వుతోందో నాకే తెలియదు.

రెండో మెసేజ్ వచ్చింది. "నాకైతే ఏం పట్టింపు లేదు. మావాళ్లే అడుగుతున్రు. ఆ ఒక్కరోజే వేరేటోళ్లు వండిన్రని చెప్పు, చాలు. నేను గ్రూపుల సమజ్ చేస్త."

ఎంత సులువైన దారి! ఒక్క ముక్క రాస్తే పద్దెనిమిది పేర్లు నిలుస్తాయి, ఆపా జనగామ పోదు. "అవును సార్" అని టైపు చేశాను కూడా. పంపే ముందు తల ఎత్తాను. ఆపా రేపటి కోసం అల్లం పొట్టు తీస్తోంది.

"ఏంది బేటీ, మొఖం గట్ల పెట్టినవ్? ఎవలన్న క్యాన్సిల్ చేసిన్రా?"

ఏమీ లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది. ఆయన రాసిన రెండు మెసేజ్‌లూ చదివి వినిపించాను. తర్వాత పోస్టరు మీద ఏముందో కూడా చదివాను.

ఆపా కత్తిపీట పక్కకు జరిపింది. అల్లం ముక్కలన్నీ ఒక్కచోటికి కుప్ప చేసింది. తిట్టినా బాగుండేది.

"ఎన్ని వారాలాయె?"

"ఆరు, ఆపా."

"మీ అమ్మ ఫోటో పెట్టినవంటే, నీకు మీ అమ్మంటే పానం, అందుకే పెట్టినవనుకున్న," అంది. "నన్ను దాస్తున్నవని నాకేం ఎరుక?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "నీకోసమే చేసిన ఆపా, ఆర్డర్లు రావాలని..."

"నాకోసం అనకు. నువ్వు భయపడ్డవ్. గది చెప్పు."

"భయపడ్డ."

ఆపా లేచి చేతులు కడుక్కొని, కొంగు సరిగ్గా కప్పుకొని పొయ్యి దగ్గర నిలబడింది. "తియ్యి ఫోటో. కూరగాయలకు, కోడికి గిన్నెలు వేరే వేరే ఉన్నయ్ గద, గవి గూడ పడాలె. అందరికి పంపు. ఉన్నోళ్లు ఉంటరు, పోయేటోళ్లు పోతరు."

ఆపానూ గిన్నెలనూ కలిపి ఫోటో తీశాను. ఫోటో కింద ఇలా రాశాను: "ఆరు వారాలుగా మీరు తింటున్న వంట రషీదా బేగం గారిది. మా అమ్మ పేరు పెట్టి అబద్ధం చెప్పింది నేను, భాగ్య. మెనూలో మార్పు లేదు. డబ్బు వాపసు కావలసినవాళ్లు ఆరింటిలోగా చెప్పండి." పంపేశాను.

ఐదుంబావుకు సుభాష్ సార్ ఆఫీసు లిస్టు ఖాళీ అయింది. ఒక్కొక్కరే కాపీ చేసి తమ పేరు తీసేసి మళ్లీ పెట్టారు. లిస్టు ఎట్లా పెరిగిందో అట్లాగే తరిగింది. మిగిలింది పదమూడు. ఆపా నన్ను చూడకుండా అల్లం మీదే కళ్లు పెట్టుకుంది. ఆమె ట్రంకు పెట్టె సర్దుకుంటున్నట్టే అనిపించింది నాకు.

ఐదున్నరకు, పేరు తీసేసినవాళ్లలో ఒకరి నుంచి మెసేజ్ వచ్చింది, గ్రూపులో కాదు, విడిగా నాకే. "నన్ను రాసుకో. గ్రూపుల పేరు పెట్టకు." తర్వాత ఇంకొకటి. అదే మాట. ఆరు కావడానికి పది నిమిషాలుందనగా అట్లాంటివి మొత్తం ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది సుభాష్ సార్‌ది. "ఆ కోడికూర మా ఆవిడకు రాదు. నాకు ఐదు రోజులు. ఎవరికీ చెప్పకు."

నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. మొత్తం ఇరవై రెండు. ముప్పై కాదు. ఆపాకు ఉన్నదున్నట్టు చదివి చెప్పాను. ఆరు కొట్టింది. ఆర్డర్లు మూసేశాను. ఇక ఆమె ఏమంటుందోనని గోడకు ఆనుకొని నిలబడ్డాను.

"రేపు ఇరవై రెండు మంది తినాలె గద," అంది ఆపా. "పైసలిచ్చినోళ్లను పస్తు పెడుతమా? హాస్టలాయనకు ఫోన్ చేసి రానని చెప్పు. ఎన్ని రోజులు నడుస్తదో సూద్దాం."

ఫోన్ చేసి చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత డబ్బాల మూతలకు అంటించే స్టిక్కర్లు ముందేసుకున్నాను. పదమూడు పేర్లు గబగబా రాశాను. తొమ్మిది మిగిలాయి.

"వీళ్లవి ఏం రాయాలె ఆపా? ఆఫీసుల టేబుల్ మీద పెట్టి వస్త. పేరు రాస్తే అందరు సూస్తరు, రాయకుంటే ఎవలిది ఏదో తెల్వదు."

"నా పేరు రాయి," అంది ఆపా. "తొమ్మిదింటి మీద. పెద్దగ, తెలుగుల రాయి. వాళ్లకు సదువ రావాలె."