మీటరులో సున్నా

నేరేడ్‌మెట్‌లో పురుషోత్తం గారి కారు మూడు వారాలుగా పొద్దున్నే లేవనని మొండికేస్తోంది. సాయంత్రం దాకా బుద్ధిగా తిరుగుతుంది. తెల్లారి తాళం తిప్పితే మాత్రం టిక్కుమని ఒక్క చప్పుడు, ఆపైన ఉలుకూ లేదు పలుకూ లేదు. పక్కింటి వాళ్ల బ్యాటరీ నుంచి తీగలు తగిలించి లేపడం, మర్నాడు మళ్లీ అదే కథ. ఈ మూడు వారాల్లో కొత్త బ్యాటరీ కూడా వేయించారు. అదీ పాతదాని దారే పట్టింది.

ఆ కారుకి పదహారేళ్లుగా డ్రైవరు అల్లాబక్ష్. కారు మారింది కానీ డ్రైవరు మారలేదు. ఇప్పుడు అదీ అయ్యేలా ఉంది.

"నువ్వేదో ఒకటి ఆర్పకుండా పోతున్నావయ్యా," అన్నారు పురుషోత్తం గారు మొదటి వారం.

"లేదు సార్, అన్నీ చూసే పోతున్న."

నిజంగానే చూసేవాడు. ఇంటికి వెళ్లే ముందు కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, దీపాల మీద అరచెయ్యి పెట్టి మరీ చూసేవాడు. అయినా తెల్లారేసరికి టిక్కే.

రెండో వారం పురుషోత్తం గారు ఒక మీటరు కొన్నారు. రైల్వేలో ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషి, రుజువు లేనిదే ఊరుకోరు. ఫోనులో వీడియో చూసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టారు. రెండు రోజులు చూశారు. రెండు రోజులూ సున్నా.

"చూడు. కారు తనంతట తాను చుక్క కరెంటు తాగడం లేదు. కారు తాగక, బ్యాటరీ బాగుండీ, రాత్రికి రాత్రి ఖాళీ అవుతోందంటే ఇక మిగిలింది మనిషే కదా?"

ఆ మాట గేటు దగ్గర, పదిమందీ వినేలా అన్నారు. ఒకటో తారీఖు నుంచి సదాశివ అనే కొత్త డ్రైవరుని రమ్మన్నారు కూడా. అల్లాబక్ష్‌కి పని పోతుందని కాదు బెంగ. కారు నడిపే చెయ్యికి ఎక్కడైనా పని దొరుకుతుంది. అజాగ్రత్త మనిషి అని పేరు మోసుకుని ఈ గేటు దాటాలి కదా, అన్నం సయించకపోవడం అందుకు.

ఒకటో తారీఖు ఇంకా రెండు రోజులుందనగా, అల్లాబక్ష్ నోరు విప్పాడు. "సార్, పొమ్మంటే పోతా. పోయే ముందు ఒక్కసారి మౌలాలి నుంచి మా ఉమేరాను పిలుస్తా. మా దోస్తు మోయిజ్ భాయి బిడ్డ. కారు కరెంటు పని ఆ పిల్లకు తెలిసినట్టు ఎవలకు తెల్వదు."

పురుషోత్తం గారు నోరు తెరిచేలోపే ఆయన భార్య దేవమ్మ గారు అందుకున్నారు. "పిలువు అల్లాబక్షూ. ఈయన డాక్టరు చదవకుండానే మందు రాసేశారు, ఇంకొకరినీ చూడనిద్దాం."

ఉమేరా స్కూటీ మీద వచ్చింది, కాళ్ల దగ్గర చార్జి నిండిన బ్యాటరీ పెట్టుకుని. కారులో ఉన్నది తీసి దాన్ని అమర్చింది. "సార్, ముందు మీరు ఎట్ల చూసిండ్రో చూపించుండ్రి," అంది.

ఆయన ఉత్సాహంగా తన మీటరు పెట్టి చూపించారు. సున్నా. "చూశావా అమ్మాయ్?"

"సార్, మంచి కారు సుత జెర తాగుతది. గడియారం నడవాలె, రిమోట్ మాట వినాలె. సున్నా ఎట్ల వస్తది? ఏదీ, ఆ రిమోట్ వత్తుండ్రి."

ఆయన నొక్కారు. తలుపులు కిమ్మనలేదు. మళ్లీ నొక్కారు. ఊహూఁ.

ఉమేరా ఆయన మీటరు వెనక మూత మరలు విప్పింది. లోపల వేలెడు కూడా లేని గాజు ఫ్యూజు, మధ్యలో తీగ తెగి నల్లగా మాడిపోయి ఉంది. "మీటరే తెగింది సార్. తెగిన దారిల కరెంటు పోతదా? అందుకే సున్నా, అందుకే రిమోట్ సుత పలకలే. ఇది మధ్యల ఉండంగ ఎవలన్న తాళం తిప్పిండ్రా? స్టార్టర్ గుంజే కరెంటు ఇంత చిన్న ఫ్యూజు తట్టుకోదు."

పురుషోత్తం గారి మొహం పాలిపోయింది. "మీటరు పెట్టిన మొదటి రోజు... స్టార్టవుతుందేమో చూద్దామని నేనే తిప్పాను. టిక్కుమంది. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను."

దేవమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అయినా అల్లాబక్ష్ గుండె నెమ్మదించలేదు. మీటరు తప్పని తేలింది కానీ, తన తప్పు లేదని తేలలేదుగా!

ఉమేరా తన మీటరు పెట్టింది. డ్రైవరు తలుపు తెరిచే ఉంచి, దాని గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో మూసినట్టు నొక్కింది. తాళంచెవిని దూరంగా ఇంట్లో పెట్టమంది.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నారు దేవమ్మ గారు.

"తలుపు మూసిండ్రని కారు అనుకోవాలమ్మా. అప్పుడే లోపలి కంప్యూటర్లు పండుకుంటయి. అర్ధగంట పడతది. అప్పటిదంక ఎవలూ ముట్టొద్దు. సార్, మీరు సుత."

ఆ అర్ధగంటా దేవమ్మ గారు పెసరట్లు పోశారు. ఉమేరా మూడు తింది. అల్లాబక్ష్ ఒకటి తుంచి, తుంచింది అక్కడే పెట్టి, మీటరు వైపే చూస్తూ కూర్చున్నాడు. అంకె దిగుతూ దిగుతూ ఒకటీ పాయింటు మూడు ఆంపియర్ల దగ్గర ఆగింది. ఇక కదల్లేదు.

"ఇగో దొంగ లోపలే ఉంది చాచా. సున్నా పాయింటు సున్నా అయిదు కన్నా తక్కువుండాలె. రాత్రంతా ఇట్ల తాగితే, మీరు మార్కెట్ దాకా పోయొచ్చిన చార్జింగు ఏం సాల్తది?"

స్టీరింగు కింద ఫ్యూజుల డబ్బా మూత తీసింది. పట్టకారుతో ఒక్కో ఫ్యూజూ లాగుతోంది, అల్లాబక్ష్ మీటరు చదువుతున్నాడు.

"ఒకటీ పాయింటు మూడు... అంతే ఉంది బేటీ... అంతే..."

తొమ్మిదో ఫ్యూజు లాగింది. అల్లాబక్ష్ మీటరు మీదికి వంగాడు. "సున్నా పాయింటు... సున్నా రెండు!"

"అది లోపలి లైటు, రేడియో ఫ్యూజు," అంది ఉమేరా. మళ్లీ పెట్టింది, అంకె మళ్లీ ఎగబాకింది. లైటు ఆరే ఉంది. రేడియో వెనక ప్లగ్గు పీకింది, అంకె దిగలేదు. అప్పుడు ముందు సీటు కింద చెయ్యి పెట్టి ఠక్కున వెనక్కి తీసుకుంది. "వెచ్చగుంది. ఇదేంది చాచా?"

నల్లటి పెట్టె. పాటలకి ధిమ్‌ధిమ్మనే చప్పుడిచ్చే యాంప్లిఫయరు. దాని ప్లగ్గు తీయగానే అంకె పడిపోయింది.

"పెట్టినోడు దీన్ని లేపే తీగను ఎప్పుడూ కరెంటుండే తీగకే కలిపిండు. తాళం తీసినా ఇది పండుకోదు. ఎన్ని దినాలైంది పెట్టిచ్చి?"

"మూడు వారాలు," అన్నారు పురుషోత్తం గారు నెమ్మదిగా. "దేవికి పాటలు బాగా వినిపించాలని నేనే పెట్టించాను. సెలవు రోజు, అల్లాబక్ష్ లేడు."

"నేనడిగానా!" అన్నారు దేవమ్మ గారు. తిట్టడానికే అన్నారు గానీ, మొహంలో మాత్రం మురిపెమే ఉంది.

ఉమేరా ఆ తీగను, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగకి మార్చి కట్టింది. మళ్లీ అర్ధగంట ఆగి చూసింది. సున్నా పాయింటు సున్నా రెండు.

పురుషోత్తం గారు ఫోను తీశారు. అందరి ముందే, గేటు దగ్గరే నిలబడి, "సదాశివా, నువ్వు రావక్కర్లేదు. మా డ్రైవరు మీద నేరం మోపింది నేను, తప్పు చేసిందీ నేనే," అన్నారు. ఫోను పెట్టేసి అల్లాబక్ష్ వైపు చూశారు.

అల్లాబక్ష్ వంటింటి వైపు తిరిగి, "అమ్మా," అని పిలిచాడు, "పెసరట్లు ఇంకున్నయా? జెర ఆకలైతున్నది."