తడి మీద కట్టు

తుఫాను తీరం దాటిన పొద్దున, గాలి దిక్కు మారగానే వైధరుడి ఇంటి సిమెంటు రేకు కారడం మొదలుపెట్టింది. చూరుకు రెండడుగుల పైన, బోల్టు పక్కన జానెడు పగులు. సరిగ్గా దాని కిందే మగ్గం.

మగ్గం మీద పట్టునూలు పడుగు సాగి ఉంది. ఆ నూలు మీద ఏనుగుల బొమ్మ తేలేలా, రంగు అంటకూడని చోటల్లా కట్లు కట్టింది వైధరుడి భార్య. కట్టి, ఎరుపులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పాక పన్నెండో రోజున కన్ను మూసింది. ఒడిశాలోని ఆ నేతగాళ్ల ఊరు నువాపట్నాలో అలాంటి ఏనుగు కట్టే చెయ్యి ఇంకొకటి లేదు. ఆ నూలు మీద తుప్పు నీళ్లు పడితే మళ్లీ కట్టేవాళ్లు లేరు.

కోడలు కుంతల ముందు మెయిన్ స్విచ్ ఆపేసింది. ఆమె వెనక్కి తిరిగేసరికి వైధరుడు నీలం టార్పాలిను తెచ్చి మగ్గం మీద పరిచేస్తున్నాడు.

"అలా పరిస్తే నడుమ గుంట పడుతుంది బాపా!" అంది మామగారితో.

"నలభై ఏళ్లుగా దీని మీద కూర్చున్నాను. నాకు చెబుతావా?"

చెప్పినంతసేపు పట్టలేదు. టార్పాలిను నడుమ నీళ్లు నిలిచి, బానకడుపులా పడుగు మీదికి వేలాడింది. ముసలాయన దాన్ని కిందినుంచి ఎత్తబోయాడు.

"ఎత్తకండి! ఒలికితే అన్నీ నూలు మీదే." కుంతల చెంబుతో మెల్లగా తోడి బకెట్లో పోసింది. ఆ తర్వాత గోడ మేకు నుంచి ఎదుటి స్తంభం దాకా మగ్గానికి పైగా తాడు బిగించి, టార్పాలినును దాని మీద ఒకవైపుకు వాలేలా వేసింది. వాలిన అంచు కింద బకెట్ పెట్టింది. రేకులోంచి దిగిన బోల్టుకు నూలు తాడు కట్టి, రెండో కొస ఇంకో బకెట్లోకి వదిలింది. ఎక్కడపడితే అక్కడ చిందుతున్న నీళ్లలో చాలామట్టుకు తాడు పట్టుకుని దిగసాగాయి.

"నీళ్లకు దారి చూపిస్తున్నావా?" అన్నాడు వైధరుడు.

"పొమ్మంటే పోవు కదా."

కుంతల భర్త అర్ఖితుడు నిచ్చెన అందుకున్నాడు. ఆమె అడ్డం నిలబడింది. "ఈ గాలిలోనా? తడిసిన రేకు మీద కాలు పెడితే రేకూ మిగలదు, మీరూ మిగలరు."

"అయితే చూస్తూ కూర్చోమంటావా?"

"బకెట్లు పారబోయండి."

మధ్యాహ్నం దాకా అతను పారబోస్తూనే ఉన్నాడు. ఒంటిగంటకు గాలి పడిపోయింది, సన్నటి జల్లు మిగిలింది. అప్పుడు కుంతల నిచ్చెన పట్టుకుంది. అర్ఖితుడు రేకు మీద బరువు వేయకుండా, చూరు దగ్గర నిచ్చెన మీదే నిలబడి పగులు మీద అతుకు టేపు అంటించాడు. చెయ్యి తీయగానే అది చేప పొలుసులా లేచిపోయింది. మళ్లీ అంటించాడు. మళ్లీ లేచింది.

"దరిద్రపు టేపు! ఆ కొట్టువాడు..."

"కొట్టువాడినెందుకు తిడతారు? తడి నూలుకు కట్టు కడతారా మీరు?"

అతని చెయ్యి ఆగింది. ఆ ఊళ్లో పాలు మరవని పిల్లలకూ తెలిసిన మాట అది. తడి మీద కట్టు నిలవదు, సందు దొరికి రంగు దూరుతుంది. నూలు దగ్గర తెలిసిన మాటను రేకు దగ్గర అతను మరిచాడు.

వైధరుడు బయటికొచ్చి, గొడుగును వెదురుకు కట్టి కొడుకు చేతుల మీదుగా ఎత్తి పట్టాడు. అర్ఖితుడు నాచు గీకేసి, పొడి గుడ్డలు మార్చి మార్చి తుడిచాడు. అరచేతికి తడి తగలకుండా పోయాకే టేపు వేసి, నడుమ నుంచి అంచులకు బొటనవేలితో రుద్దాడు. ఈసారి లేవలేదు. ఆ తర్వాత రెండో టార్పాలిను తాళ్లకు రాళ్లు కట్టి, ఆవలి వైపుకు విసిరి, ఇంటి నడికొప్పు దాటేలా లాగారు. పైఅంచు పగులు దగ్గరే ఆగితే నీళ్లు దాని కిందికే దూరుతాయి. రెండు వైపులా తాళ్లను గుంజలకు బిగించారు.

లోపల తాడు కొస నుంచి చినుకులు పల్చబడ్డాయి. వైధరుడు మగ్గం మీది టార్పాలిను ఒక మూల ఎత్తాడు. ఏనుగులు పొడిగా ఉన్నాయి. అంచున మాత్రం వేలెడు మేర తుప్పు మరక.

కుంతల కూడా వంగి చూసింది. "నేనింకా ముందే తాడు కట్టాల్సింది బాపా."

ఆయన టార్పాలిను మూల ఇంకాస్త పైకెత్తాడు. "గుంట పడేలా పరిచింది నేను కదా. ఆ మరకను తీసేయను. అలాగే నేస్తాను." బొటనవేలు నూలు మీద ఆడించి, తలెత్తకుండానే అన్నాడు: "మీ అత్త నీ కట్లన్నీ విప్పి మళ్లీ కట్టేది."

"ఎన్నిసార్లో!"

"ఆ తాడు బిగింపు చూస్తే ఈసారి విప్పేది కాదు."

కొత్త రేకు రావాలంటే రోడ్డు మీద పడ్డ చెట్లు తీయాలి, ఎన్నాళ్లో తెలియదు. తాడు కింది బకెట్ సగానికి వచ్చింది. కుంతల దాన్ని తీసి ఖాళీది పెట్టి, పారబోయడానికి వాకిట్లోకి నడిచింది.