పెద్దపాటకు పట్టే నీళ్ళు

పాట పొడుగైతే నీళ్ళు ఎక్కువ పడతాయి. ఈ ఒక్క ముక్క ఆ రోజు నోరు తెరిచి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పొలానికొచ్చిన పెద్దమనిషి ముందు నాన్న "పాడవే అమ్మడూ, పెద్దపాట పాడు" అని మురిసిపోతుంటే, ఈ మాట ఎక్కడ అడ్డం వేయను? పైగా నాన్న నన్ను ఒకరి ముందు మెచ్చుకోవడం నాకు గుర్తుండగా అదే మొదటిసారి. ఆ మెప్పుకి నేనూ పడిపోయాను, అబద్ధమెందుకు?

ఆరేడు వారాలుగా చినుకు లేదు. మా చేలో పన్నెండు వరుసల టమాటా మొక్కలు, వరుసకి ఇరవై. బావిలో రెండు రాత్రుళ్ళు ఊరిన నీళ్ళు ఒక తెల్లవారుజామున తోడితే నాలుగు బిందెలు. అంటే రోజు విడిచి రోజు నీళ్ళు పెట్టాలి. ఎవరికెంత పోశానో గుర్తుండక, మొదటి వరుసలు తాగి బలిసి చివరి వరుసలు వాడిపోతుంటే, నేనే ఈ పాట కట్టుకున్నాను. ముక్కు చెంబు వంచి మొక్క మొదట్లో సన్నగా ధార కడతాను. ఒక చరణం పాడేంతసేపు ధార, "రావే వానా రావే" అనేటప్పుడు చెంబు నిటారుగా ఎత్తి పక్క మొక్కకి అడుగు. అంతే. మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిచి ఉంచాను కాబట్టి పోసిన నీరు ఎండకి ఆవిరైపోదు.

బావిలో ఇంకాస్త నీళ్ళున్న రోజుల్లో చరణాలు ఇలా సాగేవి:

*మొహం కడిగిన నీళ్ళతోటి గిన్నెలన్నీ తోమితిని, రావే వానా రావే.*
*గిన్నెలు తోమిన నీళ్ళతోటి గచ్చంతా తుడిచితిని, రావే వానా రావే.*
*గచ్చు తుడిచిన నీళ్ళు పెడితే కోడి మొహం తిప్పుకుంది, రావే వానా రావే.*
*జడ తడిసి ఎన్నాళ్ళాయెనో దువ్వెనకే తెలియాలి, రావే వానా రావే.*

బావి అడుగంటాక పాటని కత్తిరించాను. *మొహం నీళ్ళు గిన్నెకు, రావే. గిన్నె నీళ్ళు గచ్చుకు, రావే. గచ్చు నీళ్ళు కోడికి, రావే.* సగం పాట, సగం నీళ్ళు. కొలిచి చూశాను, సరిగ్గా సగం. నాలుగు బిందెలూ పన్నెండు వరుసలకీ చిన్నపాటతో చివరి చుక్క దాకా సరిపోయేవి. నాన్న మాత్రం గట్టు మీద కూర్చుని, "ఏమే, పాట మింగేస్తున్నావు, గొంతు పోయిందా?" అని నవ్వేవాడు. పొలం నాన్నది, ఎండ నాన్నది, దిగులూ నాన్నదే. నేను పాడుకుంటూ తిరిగేదాన్ని, అంతే ఆయనకి తెలిసింది.

నన్ను వదిలేసినాయన కూడా అంతే. "రోజంతా ఇంట్లో ఏం చేస్తున్నావు?" అని అడిగేవాడు, నేను తోమిన గిన్నెలో తింటూ. ఒకసారి పాడుకుంటుంటే, "అంత తీరికా?" అన్నాడు. అత్తగారు లోపలినుంచి, "పాడనీరా, పనికిరాని గొంతు ఎక్కడైనా ఒకచోట వాడాలిగా" అంది. నాలుగేళ్ళు నోరు మూసుకున్నాను. పుట్టింటికి వచ్చాక, మొక్కల మధ్యే మళ్ళీ నా గొంతు నాకు వినబడింది.

నేను వచ్చిన ఏడాదికి నాన్న, ఏమనుకున్నాడో ఏమో, "ఆ చివరి రెండు వరుసలు నీవే అమ్మడూ, కాయలు నువ్వే అమ్ముకో" అన్నాడు. నా బతుకులో నాది అని ఎవరైనా చూపించినవి ఆ నలభై మొక్కలే. పట్నంలో మొక్కలకి అంట్లు కట్టడం నేర్పే పెద్ద నర్సరీ ఉంది. అక్కడ ఆర్నెల్లు ఉండి నేర్చుకుంటే పని వాళ్ళే ఇస్తారట. మొదటి కోత చేతికొస్తే వెళ్ళాలనుకున్నాను. నాన్నకి చెప్పలేదు. వాన పడ్డాక చెబుదామని దాచుకున్నాను.

ఇక ఆ పెద్దమనిషి సంగతి. పొలం పాటలు సేకరిస్తూ ఊళ్ళు తిరుగుతున్నాడు. నేను నాలుగు మొక్కలకి నీళ్ళు పోశానో లేదో, ఫోను పట్టుకుని గట్టు మీదకి వచ్చాడు. చిన్నపాట విని, "ఇంతేనా?" అన్నట్టు మొహం పెట్టాడు. నాన్నకి రోషం వచ్చింది. "ఇంతేనా అంటారేంటండీ! మా అమ్మాయి అసలు పాట వినలేదు మీరు. అమ్మడూ, మొదటినుంచి అందుకో."

"ఊరికే కూర్చుని పాడతాను" అన్నాను. కూర్చుంటే పాట రాలేదు. రెండో చరణం దగ్గరే తడబడ్డాను. చేతిలో చెంబు లేకపోతే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నాకు తెలియదు మరి. "పనిచేస్తూ పాడమ్మా, నీళ్ళ చప్పుడు కూడా బాగా వస్తుంది" అన్నాడాయన. లేచాను. పెద్దపాట అందుకున్నాను. రెండు వరుసలు పాడాను, నలభై మొక్కలకి. గొంతు కూడా ఆ రోజు హాయిగా పలికింది. నాన్న పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. చెయ్యి మాత్రం దాని అలవాటున చరణం అయ్యేదాకా ధార ఆపలేదు. "చాలమ్మా, అద్భుతం" అని ఆయన ఫోను జేబులో వేసుకున్నాడు. నేను చిన్నపాటకి దిగి మిగతా వరుసల మీదుగా సాగిపోయాను.

పదో వరుస చివర నాలుగో బిందె బోర్లించాను. చుక్క రాలేదు. అప్పుడు లెక్క కళ్ళకు కట్టింది. రెండు వరుసలకి రెట్టింపు పోశాను, రెండు వరుసలకి లేకుండా పోయింది. బావిలోకి తొంగి చూస్తే అడుగున బురద మెరుస్తోంది. ఖాళీ బిందె చంకన పెట్టుకుని గట్టు వైపు నడిచాను.

"నాన్నా, తాగే నీళ్ళలోంచి ఒక బిందె తెచ్చుకుంటాను. ఇంకా రెండు వరుసలున్నాయి."

నాన్న పెద్దమనిషిని సాగనంపుతూ వెనక్కి చూడకుండానే అన్నాడు: "తాగే నీళ్ళు మొక్కలకా? ఎల్లుండి పోద్దువులే. మిగిలినవి నీవేగా!"

కోపంగా అనలేదు. అందుకే అంతగా తగిలింది. 'నీవే' అని ఇచ్చిన రోజున ఏ గొంతుతో అన్నాడో, 'నీవేగా' అని వదిలేసిన రోజున కూడా అదే గొంతు. అత్తవారింట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది నా వంతు. ఇక్కడ గిన్నె పెద్దది, అంతే తేడా. ఇంటికెళ్ళి ఏడ్చాను. నాన్న మీదే కాదు, మెప్పుకి లొంగిన నా గొంతు మీద కూడా.

మర్నాడు మధ్యాహ్నం నా మొక్కలు తలలు వేలాడేశాయి. మధ్యాహ్నం వాలితే భయం లేదు, సాయంత్రానికి లేస్తాయి. సాయంత్రం లేవకపోయినా తెల్లారేసరికి లేస్తే బతికినట్టే. ఆ తరవాతి తెల్లవారుజామున వెళ్ళి ఒక్కొక్క మొక్క ఆకునీ వేలితో ఎత్తి చూశాను. ఇరవై తొమ్మిది అలాగే వాలి ఉన్నాయి. పదకొండు లేచాయి. ఆ పదకొండింటి మధ్య చతికిలబడ్డాను. పదకొండు మొక్కల కాపుతో పట్నం దాకా వెళ్ళగలనో లేదో తెలియదు.

బావి ఆ రోజు మూడు బిందెలే ఇచ్చింది. ఎవరికో ఒకరికి చాలవని నాకు తెలుసు. మొదటి బిందె ఎత్తుకుని పన్నెండో వరుస దగ్గరికి నడిచాను.

"అటెందుకే? మొదలు ఇటు కదా?" గట్టు మీంచి నాన్న కేకేశాడు.

చెంబు వంచి పాట అందుకున్నాను. పెద్దపాటే. పాత చరణం కాదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది.

*నువ్వు వచ్చినా రాకున్నా నేను మాత్రం వెళ్తానే, రావే వానా రావే.*

"వెళ్తావా? ఎక్కడికే అమ్మడూ?" నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో భయం అంతకుముందు ఎన్నడూ వినలేదు. అయినా చరణం మధ్యలో ఆపితే మొక్కకి నీళ్ళు తక్కువవుతాయి. పాడుతూనే ఉన్నాను.