ఐదో ఏటి అద్దె

ముసురు పట్టిన మధ్యాహ్నం. చీపురుపల్లి స్టేషను దగ్గర ఖాళీ కొట్టులో నిలబడి హేమ తన బట్టల షాపును కల కంటోంది. వట్టి గోడల మీద అప్పుడే చీరలు ఊగుతున్నాయి.

“నెలకి పదివేలు. ఏటా అంతకుముందు ఏటి అద్దె మీద పది శాతం పెంపు. ఐదో ఏటికి పద్నాలుగు వేలే,” అంటూ లీజు కాగితం చాపాడు వరసకు బావయ్యే కొట్టు యజమాని గిరిబాబు.

చీరలు ఆగాయి. తలుపు అద్దానికి పట్టిన ఆవిరి మీద హేమ వేలితో రాసింది: 10,000, 11,000, 12,100, 13,310, 14,641.

“సూడు బావా, పెరిగిందాని మీదే మళ్లీ పెరుగుతాది.”

“నెలకి ఆరొందల నలభై ఒక్క రూపాయికి ఇంత గొడవేటి?” నవ్వాడు గిరిబాబు.

“అంత సిన్నదైతే నువ్వే వొగ్గీ. పెంపు మొదటేడు అద్దె మీదే అని రాయి.”

గిరిబాబు నవ్వు ఆగిపోయింది. పెన్ను తీశాడు. చీరలు మళ్లీ ఊగాయి.