బెంచి మీది అలక

అన్నయ్య వీడియో గేమ్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు. మంగళవారం కప్పు మ్యాచ్, శనివారం లీగులో మొదటి స్థానం కోసం పోరు. అతని ముద్దుల స్ట్రైకరు ‘మెరుపు’ వరసగా ఆడీ ఆడీ డస్సిపోయాడు. శక్తి సగానికి పడిపోయింది.

"మళ్లీ వీణ్ణే దింపుతావా? కాలు పట్టేసి మూలన పడతాడు," అంది సోఫాలో పక్కనే కూర్చున్న చెల్లెలు. "బెంచి మీద ఇంకో స్ట్రైకరు ‘బండోడు’ మూతి ముడుచుకున్నాడు చూడు. ఆడించకపోతే వేరే జట్టుకు పోతాడట."

"వాడు గోలు కొట్టడం నేనెప్పుడూ చూళ్లేదే."

"దింపితేగా చూడ్డానికి!"

అన్నయ్య గుండె రాయి చేసుకుని మంగళవారం బండోణ్ణి దింపాడు. ఎదుటిది కింది డివిజన్ జట్టే అయినా, మొదటి సగమంతా అతను బంతిని ఆకాశానికే తన్నాడు. అన్నయ్య చెల్లెలి వంక కొరకొరా చూశాడు. చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతిని బండోడు తలతో కొట్టి గెలిపించాడు. తెర మీద అతని పేరు పక్కనున్న ఎర్రని ముఖం బొమ్మ ఆకుపచ్చగా మారి నవ్వింది. చెల్లెలు సోఫా ఎక్కి గంతులేసింది.

శనివారానికి తేరుకున్న మెరుపు రెండు గోల్స్ కొట్టాడు. అన్నయ్య కాలర్ ఎగరేసేలోగా బండోడి సందేశం వచ్చింది: "మళ్లీ నాకెప్పుడు అవకాశం?"

"ఆడిస్తే అలుపు, ఆపితే అలక! వీళ్లతో వేగేదెలాగే?"

"బుధవారం ఇంకోటి ఉందిగా, వాణ్ణి పంపు."

ఈసారి అన్నయ్య వెంటనే బండోడి పేరు బుధవారం జట్టులో చేర్చాడు.