రెండుసార్లు కట్టిన పన్ను

సిరొంచలో దత్తయ్య ఇనుప సామాన్ల దుకాణానికి జీఎస్టీ లెక్కలు మొదటినుంచీ పెద్దకోడలు వనమాలే చూసేది. చిన్నకోడలు సుష్మిత కాపురానికి వచ్చాక ఆ పని చేతులు మారింది. సుష్మిత చంద్రపూర్ పిల్ల, బీకాం చదివింది. ఒకరోజు దత్తయ్య దుకాణం ల్యాప్‌టాప్ తీసి ఆమె ముందు పెట్టి, "ఇగ నువ్వు చూసుకో బిడ్డా. వనమాల ఇంటిపని, దుకాణంపని రెండూ ఎన్నాళ్లు మోస్తది?" అన్నాడు.

పెద్దకోడలి భారం తగ్గించాననే ఆయన అనుకున్నాడు. వనమాలకు మాత్రం వంటింట్లోకి నెట్టేసినట్టనిపించింది. అప్పటినుంచి సుష్మిత ఏ పనిలో తడబడుతుందా అని కనిపెట్టుకుని ఉండేది.

ఆ నెల రిటర్న్‌కు ఆఖరి రోజున సుష్మిత పొద్దున్నే చలాన్ తీసి, నెట్‌బ్యాంకింగ్‌లో డబ్బు కట్టి, పిన్నమ్మను చూడటానికి ముల్చేర వెళ్లింది. సాయంత్రం వచ్చి రిటర్న్ వేస్తానంది. మధ్యాహ్నం వనమాల ఎవరూ చూడకుండా పోర్టల్ తెరిచింది. కట్టిన డబ్బు జమ కనిపించే నగదు లెడ్జర్‌లో సున్నా ఉంది.

'కట్టకుండనే ఊరు వోయింది!' అనుకుంది. ఆమె గుండెలో ఏదో తియ్యగా కదిలింది. చలాన్ల వివరాలు తెరిస్తే, బ్యాంకు నుంచి ధ్రువీకరణ రావాల్సి ఉందని కనిపించేదే. ఒక ఫోన్ చేసినా తెలిసేదే. ఆమె రెండూ చేయలేదు. కొత్త చలాన్ తీసి, ఓటీపీ కోసం మామ ఫోన్ అడిగింది. తాను కట్టిన డబ్బు వెంటనే లెడ్జర్‌లో కనిపించింది. దానితోనే రిటర్న్ వేసేసింది.

"మీ చిన్నకోడలు పన్ను కట్టుడు మర్చిపోయింది మామా. నేను చూసిన కాబట్టి సరిపోయింది, లేకుంటే జుర్మానా పడేది," అంది.

దత్తయ్య ఆశ్చర్యపోయాడు. "పొద్దున చిన్నకోడలికి గూడ ఓటీపీ చెప్పిన గదా?"

మరునాటికి సుష్మిత కట్టిన డబ్బు కూడా లెడ్జర్‌లోకి వచ్చి చేరింది. రెండుసార్లు పన్ను కట్టినట్టు తేలింది. వనమాలకు ముఖం చెల్లలేదు. సుష్మిత మాత్రం నిమ్మళంగా, "ఏం పోలేదక్కా. పైసలు లెడ్జర్ల భద్రంగనే ఉన్నయి. వచ్చే నెల పన్నుకు వాడుకోవచ్చు," అంది.

"వానకాలం పైపులు ఇప్పుడే తెప్పియ్యాలె. వాపసు అడుగు బిడ్డా," అన్నాడు దత్తయ్య.

ఆ మాట కూడా సుష్మితతోనే అన్నాడు.

సుష్మిత రీఫండ్ దరఖాస్తు నింపుతుంటే వనమాల వెనక నిలబడి చూసింది. ఏ కారణంతో వాపసు అడుగుతున్నారో చెప్పే చోట ఆ పిల్ల 'ఎక్కువ చెల్లించిన పన్ను' ఎంచుకుంది. రిటర్న్‌లో పన్ను కింద ఎక్కువ జమైపోయినప్పుడు వాడేది అది. వీళ్ల డబ్బు ఇంకా పన్నులోకి పోలేదు, లెడ్జర్‌లో మిగిలి ఉంది. ఎంచుకోవలసింది 'నగదు లెడ్జర్‌లోని అదనపు నిల్వ'. వనమాలకు ఆ తేడా తెలుసు. నోటిదాకా వచ్చిన మాటను మింగి, బియ్యం ఏరడానికి వెళ్లిపోయింది.

కొద్దిరోజులకు, దరఖాస్తులో లోపముంది, సరిచేసి మళ్లీ వేయమని అధికారి నుంచి మెమో వచ్చింది. సుష్మిత దాన్ని పైకీ కిందకీ చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మామయ్య నన్ను నమ్మి ఇచ్చిండక్కా. ఎక్కడ తప్పు వోయిందో తెలుస్తలేదు."

వనమాల ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన క్షణమది. కానీ ఏడుస్తున్న ఆ ముఖం చూస్తే అనుకున్నంత సంతోషం కలగలేదు. పైపుల సరుకూ ఆగిపోయి ఉంది. ల్యాప్‌టాప్ తన వైపు లాక్కుని, "జర పక్కకు జరుగు," అంది. సరైన కారణం ఎంచి, బ్యాంకు ఖాతా సరిచూసి, మామ ఫోన్‌కు వచ్చిన ఓటీపీతో కొత్త దరఖాస్తు పంపింది. ఈసారి రసీదు వచ్చింది, ఆ తర్వాత మంజూరు ఉత్తర్వు, ఆపైన దత్తయ్య ఖాతాలోకి డబ్బు.

రాత్రి భోజనాల దగ్గర దత్తయ్య మురిసిపోయాడు. "సర్కారు దగ్గరికెళ్లి వాపసు తెచ్చింది నా చిన్నకోడలు."

అన్నం కలుపుతున్న వనమాల చెయ్యి ఆగిపోయింది.

"నేను గాదు మామయ్యా," అంది సుష్మిత. "నేను తప్పు వేసిన, అక్క సరిచేసింది. అక్కకే బాగ తెలుసు. ఇగ ముంగట గూడ అక్కనే చూస్తే మంచిది."

దత్తయ్య చిన్నకోడలి వైపు మరింత ప్రేమగా చూశాడు. "ఎంత మంచి మనసు బిడ్డా నీది," అన్నాడు. తర్వాతే వనమాల వైపు తిరిగి, "అయితే నువ్వే చూడమ్మా," అన్నాడు.

పోగొట్టుకున్న పని తిరిగి చేతికొచ్చింది. అయినా తప్పు ఒప్పుకునే ఆ మంచిమాట తను ముందుగా అనగలిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది వనమాలకు. సుష్మిత మీద అంతకుముందెన్నడూ లేనంత కుళ్లు పుట్టింది.